పాత అంకె సున్నా అయితే, మైనస్ అయితే: శాతం లెక్క ఎక్కడ చెడుతుంది?

ఒక కాలానికీ మరో కాలానికీ మధ్య వచ్చిన మార్పును శాతంలో చెప్పే లెక్క బడిలో అందరూ నేర్చుకున్నదే. కొత్త విలువలోంచి పాత విలువను తీసెయ్యాలి. మిగిలిన తేడాను పాత విలువతో భాగించాలి. వచ్చినదాన్ని వందతో గుణించాలి. నిరుడు 80 రూపాయలున్న సరుకు ఈ ఏడు 100 రూపాయలైతే తేడా 20. దాన్ని 80తో భాగిస్తే పావు వంతు, అంటే 25 శాతం పెరుగుదల. ఈ లెక్కలో పాత విలువే కొలబద్ద. తేడా ఆ కొలబద్దలో ఎన్నో వంతు అన్నదే శాతం చెప్పే సంగతి.

కాబట్టి లెక్క నిలవాలంటే కొలబద్ద ఉండాలి, అది సరైన దిక్కులో ఉండాలి. పాత విలువ సున్నా అయితే కొలబద్దే ఉండదు. పాత విలువ మైనస్‌లో ఉంటే, అంటే నష్టమో లోటో అయితే, కొలబద్ద తలకిందులవుతుంది. మొదటి సందర్భంలో కంప్యూటర్ లెక్క చెయ్యలేనని చెప్పేస్తుంది. రెండో సందర్భంలో మాత్రం ఏ అభ్యంతరమూ చెప్పకుండా ఒక అంకెను ఇచ్చేస్తుంది. ఆ అంకె నిజానికి ఎదురుగా నిలబడినా, చూసేవారికి ఆ ఆనవాలే కనిపించదు. అందుకే ఈ రెంటిలో రెండోదే ఎక్కువ ప్రమాదం.

ఒక్క కారూ అమ్ముడుపోని నెల

సున్నా సంగతికి 2020 ఏప్రిల్‌ను మించిన ఉదాహరణ దొరకదు. ఆ ఏడాది మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్ నెలంతా కార్ల షోరూములు తెరుచుకోలేదు. దేశంలో అన్నిటికన్నా ఎక్కువ కార్లు అమ్మే మారుతీ సుజుకీ ఆ నెలలో దేశీయ మార్కెట్లో ఒక్క బండి కూడా అమ్మలేదు. రేవు పనులు మళ్లీ మొదలయ్యాక 632 బండ్లు విదేశాలకు ఎగుమతి చేసింది. ఆ నెల మొత్తం అమ్మకాలు అంతే.

ఏడాది తిరిగేసరికి, 2021 ఏప్రిల్‌లో, అదే కంపెనీ 1,59,691 బండ్లు అమ్మింది. అందులో దేశీయ అమ్మకాలు 1,37,151, ఇతర కంపెనీలకు ఇచ్చినవి 5,303, ఎగుమతులు 17,237. నెలవారీ అమ్మకాల పట్టికలో నిరుటితో పోల్చి శాతం రాసే గడి ఒకటి ఉంటుంది. దేశీయ అమ్మకాల వరుసలో ఆ గడిలో ఏం రాయాలి?

సూత్రం ప్రకారం 1,37,151ని సున్నాతో భాగించాలి. భాగహారం అడిగే ప్రశ్న ఇది: సున్నాను ఎన్నిసార్లు కూడితే 1,37,151 వస్తుంది? ఎన్నిసార్లు కూడినా సున్నాయే వస్తుంది కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు లేదు. జవాబు చాలా పెద్దది కావడం వల్ల చెప్పలేకపోవడం కాదు, అసలు లేకపోవడం. ఎక్సెల్ ఆ గడిలో `#DIV/0!` అని చూపించేది అందుకే.

సున్నాతో భాగహారం మన గణితవేత్తలను కూడా శతాబ్దాల పాటు తికమక పెట్టింది. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాకూ రుణ సంఖ్యలకూ నియమాలు రాస్తూ, సున్నాను సున్నాతో భాగిస్తే సున్నాయే అన్నాడు. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు ఏ సంఖ్యనైనా సున్నాతో భాగిస్తే అది మారకుండా ఉంటుందని రాశాడు. ఆయన గణితసార సంగ్రహాన్నే పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. పన్నెండో శతాబ్దంలో భాస్కరాచార్యుడు అలాంటి భాగఫలాన్ని అనంత రాశిగా తలచాడు. నేటి అంకగణితం ఈ మూడింటినీ ఒప్పుకోదు. సున్నాతో భాగహారానికి విలువ ఇవ్వకూడదన్నదే దాని తీర్మానం.

అయినా పట్టికలో ఖాళీ గడి ఉంటే ఎవరికైనా ఇబ్బందే. దాన్ని నింపడానికి ఆఫీసుల్లో కొన్ని ఉపాయాలు వాడుకలో ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది 100 శాతం అని రాసెయ్యడం. పాతది ఏమీ లేదు, ఇప్పుడున్నదంతా కొత్తదే కాబట్టి నూటికి నూరు పాళ్లూ పెరిగిందే కదా అన్నది దాని వెనక ఆలోచన. కానీ 100 శాతం పెరిగిందంటే రెట్టింపైందని అర్థం. సున్నాకు రెట్టింపు సున్నాయే. పైగా సున్నా నుంచి ఒక్క కారుకు చేరినా 100 శాతమే, లక్షా ముప్పై ఏడు వేల కార్లకు చేరినా 100 శాతమే. ఏ కొత్త విలువకైనా ఒకే జవాబు ఇచ్చే లెక్క ఏమీ కొలవనట్టే.

మరికొందరు `IFERROR` అనే ఫార్ములాతో ఆ తప్పు గుర్తును తీసేసి, దాని చోట సున్నా పెడతారు. ఇది ఇంకా చెడ్డది. సున్నా శాతం అంటే మార్పు లేదని అర్థం. షోరూములన్నీ మూతపడిన నెలకూ, లక్షకు పైగా కార్లు అమ్ముడుపోయిన నెలకూ మధ్య మార్పు లేదని ఆ పట్టిక చెబుతుంది.

పాత విలువకూ కొత్త విలువకూ ఒకటి కలిపి, అప్పుడు భాగించడం ఇంకో ఉపాయం. ఇది పైకి శాస్త్రీయంగా కనిపిస్తుంది గానీ, వచ్చే జవాబు అంకెల్ని ఏ ప్రమాణంలో రాశామన్నదాని మీద ఆధారపడిపోతుంది. అమ్మకాలను కార్లలో రాస్తే పెరుగుదల 1,37,15,100 శాతం. అవే అమ్మకాలను వేలల్లో 137.151 అని రాస్తే 13,715 శాతం. లక్షల్లో రాస్తే 137 శాతం. అమ్మిన కార్లు మారలేదు, జవాబు మాత్రం లక్ష రెట్లు మారింది. సూత్రాన్ని మార్చకుండా వాడినప్పుడు ఇలా జరగదు. 80 నుంచి 100కు వెళ్లినా, 80 వేల నుంచి లక్షకు వెళ్లినా పెరుగుదల 25 శాతమే. ప్రమాణం మారినా చెదరకపోవడమే శాతానికున్న విలువ. ఒకటి కలిపితే ఆ గుణమే పోతుంది.

నాలుగో పద్ధతి కొంచెం గౌరవమైనది. తేడాను పాత విలువతో కాకుండా పాత, కొత్త విలువల సగటుతో భాగిస్తారు. అమెరికా ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు ఎన్ని పుడుతున్నాయి, ఎన్ని పోతున్నాయి అన్నది పరిశీలించిన డేవిస్, హాల్టివాంగర్, షూ అనే ఆర్థికవేత్తలు దీన్ని వాడారు. కొత్తగా తెరిచిన ఫ్యాక్టరీకి పాత ఉద్యోగాలు సున్నా, మూసేసినదానికి కొత్త ఉద్యోగాలు సున్నా. సగటుతో భాగిస్తే మొదటిది ఎప్పుడూ ప్లస్ 200 శాతం, రెండోది ఎప్పుడూ మైనస్ 200 శాతం అవుతుంది. మిగతావన్నీ ఈ రెంటి మధ్యే ఉంటాయి. వేల ఫ్యాక్టరీలను కలిపి చూసేటప్పుడు పుట్టేవాటినీ పోయేవాటినీ లెక్కలోంచి జారిపోనివ్వకపోవడం దీని మేలు. ఒకే కంపెనీ అమ్మకాలకు వాడితే మాత్రం సున్నా నుంచి ఎంతకు వెళ్లినా 200 శాతమే వస్తుంది, అంటే 100 శాతం ఉపాయానికున్న లోపమే దీనికీ ఉంటుంది. విలువలు మైనస్‌లోకి వెళితే ఇదీ పనికిరాదు. 5 కోట్ల నష్టం 5 కోట్ల లాభంగా మారితే ఆ రెంటి సగటు సున్నా.

పాత విలువ సున్నాకు దగ్గరగా ఉన్నప్పుడు కూడా ఇదే జబ్బు వేరే రూపంలో వస్తుంది. మారుతీ ఎగుమతులు 632 నుంచి 17,237కు వెళ్లాయి. సూత్రం ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసి 2,627 శాతం అంటుంది. మొత్తం అమ్మకాలు 632 నుంచి 1,59,691కి వెళ్లాయి కాబట్టి అది 25,168 శాతం. రెండూ అంకగణితంలో సరైనవే. కానీ వాటిలో కనిపించేది 2021లో కంపెనీ సత్తా కాదు, 2020 ఏప్రిల్‌లో దేశం మూతపడిన సంగతి. పాత విలువ ఇంకో వంద బండ్లు ఎక్కువ ఉండి ఉంటే 25 వేల శాతం కాస్తా 22 వేలకు దిగిపోయేది. వంద బండ్లు ఆ కంపెనీకి ఒక పూట అమ్మకం కూడా కాదు.

ఇలాంటప్పుడు దారి సూత్రాన్ని సాగదియ్యడం కాదు, పోల్చే కాలాన్ని మార్చడం. లాక్‌డౌన్ లేని 2019 ఏప్రిల్‌లో కంపెనీ మొత్తం అమ్మకాలు 1,43,245. దానితో పోలిస్తే 2021 ఏప్రిల్ అమ్మకాలు రెండేళ్లలో 11.5 శాతం పెరిగాయి. ముందటి నెల, 2021 మార్చిలో, 1,67,014 అమ్ముడుపోయాయి. దానితో పోలిస్తే 4.4 శాతం తగ్గాయి. 25 వేల శాతం చెప్పలేని సంగతిని ఈ రెండు చిన్న అంకెలు చెబుతున్నాయి: వ్యాపారం పాత స్థాయిని దాటింది, కానీ ముందటి నెల కన్నా కాస్త తగ్గింది.

నష్టం కొలబద్ద అయినప్పుడు

మైనస్ విలువల సంగతి కంపెనీల లాభనష్టాల్లో ఎక్కువగా ఎదురవుతుంది. ఇంటికి భోజనం చేర్చే వ్యాపారంతో అందరికీ తెలిసిన జొమాటో (2025లో కంపెనీ పేరు ఎటర్నల్‌గా మారింది) వరసగా ఐదేళ్లలో ఈ లెక్కకున్న మలుపులు దాదాపు అన్నీ తిరిగింది. దాని ఏకీకృత ఫలితాలు కోట్ల రూపాయల్లో ఇలా ఉన్నాయి.

| ఆర్థిక సంవత్సరం | నికర లాభం | సూత్రం చెప్పే మార్పు |
|---|---|---|
| 2020-21 | −816 | |
| 2021-22 | −1,222 | +49.8% |
| 2022-23 | −971 | −20.5% |
| 2023-24 | +351 | −136.1% |
| 2024-25 | +527 | +50.1% |

చివరి గడిని మాత్రమే చూస్తే సమస్యే లేదు. నాలుగేళ్ల మార్పులనూ కలిపి చదివితేనే గుట్టు బయటపడుతుంది. 2021-22లో నష్టం 406 కోట్లు పెరిగింది. సూత్రం దానికి ప్లస్ 49.8 శాతం అని మార్కులేసింది. 2024-25లో లాభం 176 కోట్లు పెరిగింది. దానికీ ప్లస్ 50.1 శాతమే. నష్టంలో మరింత కూరుకుపోయిన ఏడాదీ, లాభం సగానికి సగం పెరిగిన ఏడాదీ శాతాల వరుసలో కవల పిల్లల్లా కనిపిస్తాయి. నష్టం 251 కోట్లు తగ్గిన ఏడాదికి మైనస్ గుర్తు పడింది. ఇక కంపెనీ మొదటిసారి లాభాల్లోకి వచ్చిన 2023-24కు, అంటే పరిస్థితి 1,322 కోట్ల మేర మెరుగైన ఏడాదికి, ఐదేళ్లలోకెల్లా దారుణమైన అంకె, మైనస్ 136 శాతం వచ్చింది.

కారణం హారంలో ఉంది. మెరుగుదల ప్లస్ 1,322. దాన్ని మైనస్ 971తో భాగిస్తే జవాబు మైనస్ అవుతుంది. బీజగణితం దృష్టితో చూస్తే ఇందులో తప్పేమీ లేదు. మైనస్ 971ని ఆ శాతం ప్రకారం మారిస్తే మళ్లీ సరిగ్గా 351 వస్తుంది. తప్పు చదవడంలో ఉంది. శాతానికి ముందు ప్లస్ ఉంటే బాగుపడిందనీ, మైనస్ ఉంటే దెబ్బతిన్నదనీ చదివే అలవాటు పాత విలువ ధన సంఖ్య అయినప్పుడు మాత్రమే చెల్లుతుంది.

దీన్ని పట్టుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. రూపాయల్లో తేడా ఏ గుర్తుతో ఉందో చూడాలి, శాతం ఏ గుర్తుతో ఉందో చూడాలి. రెండూ ఒకటి కాకపోతే పాత విలువ మైనస్‌లో ఉందన్నమాట. శాతం మాత్రమే ఇచ్చి అసలు అంకెలు ఇవ్వని నివేదికలో ఈ పరీక్ష చెయ్యడానికే వీలుండదు. లాభనష్టాల విషయంలో శాతాన్ని ఒంటరిగా అచ్చువెయ్యకూడదని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

ధరలు మైనస్‌లోకి వెళ్లడం అరుదు. అయినా ఒకసారి లోకమంతా చూస్తుండగానే జరిగింది. 2020 ఏప్రిల్ 17, శుక్రవారం నాడు అమెరికా ముడి చమురు మే నెల ఫ్యూచర్స్ బ్యారెల్ 18.27 డాలర్ల దగ్గర ముగిసింది. లాక్‌డౌన్లతో చమురు వాడకం పడిపోయి, ఓక్లహోమాలోని కుషింగ్ ట్యాంకుల్లో కొత్త సరుకుకు చోటు దొరకడం కష్టమైంది. ఏప్రిల్ 20, సోమవారం నాడు ఆ ధర మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. అంటే చమురు తీసుకెళ్లేవాళ్లకు అమ్మేవాళ్లే ఎదురు డబ్బిచ్చారు. మార్పు మైనస్ 306 శాతం. ఇక్కడ పాత విలువ ధన సంఖ్య కాబట్టి ఈ అంకెకు అర్థం ఉంది: 18.27 డాలర్లకు కొన్నవాడు పెట్టుబడి అంతా పోగొట్టుకుని, దానికి రెండింతలు పైన చెల్లించాడు. మరునాడు అదే కాంట్రాక్టు 10.01 డాలర్లకు లేచింది. ఒక్క రోజులో 47.64 డాలర్ల పెరుగుదల. సూత్రంలో వేస్తే మైనస్ 126.6 శాతం. ధర లేచిన రోజున లెక్క పడిపోయిందంటోంది.

ఆ సోమవారం సెగ మన దేశానికీ తగిలింది. ముంబయిలోని ఎంసీఎక్స్‌లో ఏప్రిల్ చమురు కాంట్రాక్టు గడువు అదే రోజున తీరింది. అమెరికా ధర ఆధారంగా దాని తుది ధరను బ్యారెల్‌కు మైనస్ 2,884 రూపాయలుగా తేల్చారు. ఒక లాటు వంద బ్యారెళ్లు. కొన్న ధర ఎంతైనా, దానిపైన లాటుకు మరో 2,88,400 రూపాయలు కట్టాల్సి వచ్చిన వ్యాపారులున్నారు. వివాదం కోర్టుల దాకా వెళ్లింది.

గుర్తు సరిచేస్తే సరిపోతుందా?

మైనస్ హారం సమస్యకు చాలామంది అకౌంటెంట్లు వాడే మందు హారంలోని గుర్తును తీసెయ్యడం. ఎక్సెల్‌లో దాన్ని ఇలా రాస్తారు. `A2`లో పాత విలువ, `B2`లో కొత్త విలువ.

```
=(B2-A2)/ABS(A2)
```

దీనివల్ల దిక్కు నిజంగానే సరైపోతుంది. జొమాటో 2021-22కు మైనస్ 49.8, 2022-23కు ప్లస్ 20.5, 2023-24కు ప్లస్ 136.1 శాతం వస్తాయి. చూడటానికి అంతా చక్కబడినట్టే ఉంటుంది. గుర్తు సరైంది కాబట్టి పరిమాణం కూడా సరైనదే అనుకోవడం ఇక్కడ జరిగే పొరపాటు.

జొమాటో 2023-24 లాభాన్ని 351 కోట్లుగానే ఉంచి, ముందటి ఏడాది నష్టాన్ని మాత్రం ఊహలో మార్చి చూస్తే సంగతి తెలుస్తుంది. నిజమైన నష్టం 971 కోట్లు, దానితో వచ్చిన పెరుగుదల 136 శాతం. నష్టం 100 కోట్లే అయి ఉంటే పెరుగుదల 451 శాతం. 10 కోట్లయితే 3,610 శాతం. ఒక్క కోటే అయితే 35,200 శాతం. 971 కోట్ల గోతిలోంచి పైకి రావడం పెద్ద పని, కోటి రూపాయల గుంట దాటడం చిన్న పని. ఈ లెక్క పెద్ద పనికి చిన్న అంకె, చిన్న పనికి పెద్ద అంకె ఇస్తోంది. మెరుగుదల ఎంత ఎక్కువైతే శాతం అంత తగ్గుతోంది.

దీంతో రెండు కంపెనీలను పోల్చడమంటే క్రమాన్ని తలకిందులు చెయ్యడమే. ఇండిగో విమానాలు నడిపే ఇంటర్‌గ్లోబ్ ఏవియేషన్ 2022-23లో సుమారు 306 కోట్ల నష్టం నుంచి మరుసటి ఏడాది సుమారు 8,172 కోట్ల లాభానికి వచ్చింది. గుర్తు తీసేసిన సూత్రం దానికి 2,770 శాతానికి పైగా ఇస్తుంది. జొమాటోకు అదే ఏడాదికి 136 శాతం. ఇండిగో లాభం ఘనమైనదే. కానీ ఆ 2,770లో ఎంత భాగం ఆ లాభం వల్ల వచ్చిందో, ఎంత భాగం పాత నష్టం సున్నాకు దగ్గరగా ఉండటం వల్ల వచ్చిందో ఆ అంకె చెప్పలేదు.

సగటులు తీసేటప్పుడు నష్టం ఇంకా పెరుగుతుంది. ఒక దుకాణానికి రెండు శాఖలున్నాయనుకుందాం. మొదటి శాఖ లాభం 100 లక్షల నుంచి 110 లక్షలైంది, అంటే 10 శాతం పెరుగుదల. రెండో శాఖ 2 లక్షల నష్టం నుంచి 6 లక్షల లాభానికి వచ్చింది. మామూలు సూత్రం దానికి మైనస్ 400 శాతం అంటుంది, గుర్తు తీసేసిన సూత్రం ప్లస్ 400 అంటుంది. రెండు శాఖల సగటు మొదటి పద్ధతిలో మైనస్ 195 శాతం, రెండో పద్ధతిలో ప్లస్ 205 శాతం. యజమాని చేతికొచ్చిన లాభం నిజానికి 98 లక్షల నుంచి 116 లక్షలైంది. అది 18.4 శాతం పెరుగుదల. విడివిడి శాతాలను సగటు చెయ్యకుండా, ముందు రూపాయలను కూడి తర్వాత భాగిస్తే ఈ సరైన జవాబు వస్తుంది. మొత్తం కూడిక ధన సంఖ్య అయినంతవరకూ ఒకటీ రెండు శాఖల నష్టం లెక్కను చెడగొట్టలేదు.

అయితే ఏం రాయాలి?

రెండు ఏళ్లలోనూ నష్టమే వస్తే పని సులువు. లాభాన్ని కాకుండా నష్టాన్నే కొలిచే వస్తువుగా తీసుకోవాలి. నష్టం 816 కోట్ల నుంచి 1,222 కోట్లకు చేరింది, అంటే నష్టం 49.8 శాతం పెరిగింది. మరుసటి ఏడు నష్టం 20.5 శాతం తగ్గింది. ఇందులో పాత విలువ ధన సంఖ్యే, దిక్కూ సరైనదే, వాక్యమూ నిజమే. "లాభం" అన్న మాట చోట "నష్టం" అన్న మాట వస్తే చాలు.

నష్టం నుంచి లాభానికో, లాభం నుంచి నష్టానికో దాటినప్పుడు శాతాన్ని వదిలెయ్యడమే సరైన పని. "971 కోట్ల నష్టం నుంచి 351 కోట్ల లాభానికి వచ్చింది" అన్న వాక్యంలో పాఠకుడికి కావలసినదంతా ఉంది. లాభం 100 కోట్ల నుంచి 50 కోట్ల నష్టానికి పడితే సూత్రం మైనస్ 150 శాతం అంటుంది, దిక్కు కూడా సరిగ్గానే చూపిస్తుంది. అయినా "లాభం 150 శాతం తగ్గింది" అన్న వాక్యం సామాన్య పాఠకుడికి బోధపడదు. ఉన్న లాభమంతా పోతే 100 శాతం, మిగతా 50 ఎక్కడిది అన్న సందేహం రావడం సహజం. పట్టికలో అలాంటి గడిలో "వర్తించదు" అని రాస్తే సరిపోతుంది. ఆర్థిక నివేదికల్లో ఈ అర్థంలోనే `NM` అని రాసే ఆనవాయితీ ఉంది. ఎక్సెల్‌లో దాన్ని ముందే పెట్టుకోవచ్చు:

```
=IF(A2>0,(B2-A2)/A2,"NM")
```

పాత విలువ సున్నా అయినా, మైనస్ అయినా ఈ ఒక్క వరుస పట్టుకుంటుంది. పాత విలువ ధన సంఖ్యే అయినా మరీ చిన్నదైతే మాత్రం దీని కన్నుగప్పి దాటిపోతుంది. 632 బండ్ల లాంటివాటిని మనిషే చూసి పట్టుకోవాలి.

అలా అని లాభనష్టాల గమనాన్ని కొలవడానికి దారే లేదని కాదు. ఎప్పుడూ ధన సంఖ్యగానే ఉండే మరో కొలబద్దను తెచ్చుకోవాలి. వ్యాపారంలో అది ఆదాయం. జొమాటో ఆదాయం ఈ ఐదేళ్లలో వరసగా సుమారు 1,994, 4,192, 7,079, 12,114, 20,243 కోట్లు. ప్రతి ఏటి లాభనష్టాన్ని ఆ ఏటి ఆదాయంతో భాగిస్తే, వంద రూపాయల ఆదాయానికి మొదటి ఏడు 41 రూపాయల నష్టం, రెండో ఏడు 29, మూడో ఏడు 14 రూపాయల నష్టం, నాలుగో ఏడు 2.90 రూపాయల లాభం, ఐదో ఏడు 2.60 రూపాయల లాభం కనిపిస్తాయి.

ఈ వరుస చెప్పే కథ వేరు. నష్టం 406 కోట్లు పెరిగిన 2021-22లో కూడా వంద రూపాయలకు నష్టం 41 నుంచి 29కి తగ్గింది. వ్యాపారం రెట్టింపుకు పైగా పెరగడం వల్ల మొత్తం నష్టం పెరిగింది గానీ, నిష్పత్తిలో పరిస్థితి మెరుగైంది. లాభం 50 శాతం పెరిగిన 2024-25లో వంద రూపాయలకు మిగిలింది 2.90 నుంచి 2.60కి దిగింది. శాతం మార్పు ఏ గుర్తుతో చూపించినా ఈ రెండు సంగతులూ అందులో కనిపించవు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మైనస్ 13.7 శాతం నుంచి ప్లస్ 2.9 శాతానికి వచ్చిన మార్పును మళ్లీ శాతంలో చెప్పబోతే మొదటి చిక్కే మళ్లీ వస్తుంది. దాన్ని 16.6 శాతం పాయింట్ల మెరుగుదల అని తీసివేతతోనే చెప్పాలి.

ఉష్ణోగ్రతల్లో ఈ చిక్కు ఇంకో మెట్టు పైకి వెళుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగిలో చలికాలపు తెల్లవారుజామున పాదరసం సున్నా దరిదాపులకు దిగుతుంది. అక్కడ 2 డిగ్రీలున్నది 4 డిగ్రీలైతే వేడి 100 శాతం పెరిగిందనకూడదు. అదే మార్పు ఫారన్‌హీట్‌లో 35.6 నుంచి 39.2, అంటే 10 శాతం మాత్రమే. సెల్సియస్ సున్నా నీరు గడ్డకట్టే చోట పెట్టుకున్న గుర్తే గానీ, వేడి అసలే లేదని చెప్పే సున్నా కాదు. అందుకే ఉష్ణోగ్రత మైనస్‌లో లేకపోయినా దాని మార్పును డిగ్రీల్లో చెప్పాలి తప్ప శాతంలో చెప్పకూడదు.

ఏటికేడు సగటు వృద్ధిని చెప్పే సీఏజీఆర్ కూడా ఇదే చోట ఆగిపోతుంది. 2022-23 నుంచి 2024-25 దాకా జొమాటో లాభానికి రెండేళ్ల వార్షిక వృద్ధి కావాలంటే 527ను మైనస్ 971తో భాగించి, ఆ మైనస్ సంఖ్యకు వర్గమూలం తియ్యాలి. దానికి వాస్తవ సంఖ్యల్లో జవాబు లేదు, ఎక్సెల్ `#NUM!` అంటుంది. మూడేళ్ల కాలమైతే మైనస్ సంఖ్యకూ ఘనమూలం ఉంటుంది కాబట్టి లెక్క నడిచిపోయి, ఏదో ఒక అంకె వస్తుంది. ఆ అంకెను నమ్మకూడదు. నష్టంతో మొదలయ్యే ఏ కాలానికైనా లాభంలో వార్షిక వృద్ధి శాతం ఇచ్చిన నివేదిక కనిపిస్తే, మొదటి ఏటి, చివరి ఏటి రూపాయలు ఎంతో అడిగి తెలుసుకున్న తర్వాతే దాని మీద నిర్ణయం తీసుకోవాలి.